ఖాతా మూసివేత ఉత్తరం: ‘బదిలీ’ అనే మాట దగ్గర జాగ్రత్త

లేఖారచనలో మనం సెలవు చీటీ రాశాం, సంపాదకుడికి ఉత్తరం రాశాం, వీధిదీపాలు వెలగడం లేదని మునిసిపాలిటీకి రాశాం. బ్యాంకు మేనేజరుగారికి రాసే ఉత్తరం మాత్రం ఎప్పుడూ అరపేజీలో ముగిసిపోతుంది. కానీ మనలో చాలామందికి ముందు ముందు అవసరం పడేది అదే. ఊరు మారిన తర్వాత పాత ఊళ్ళో ఉండిపోయిన సేవింగ్స్ ఖాతాను మూసి, అందులో మిగిలిన డబ్బును కొత్త ఊళ్ళోని మన ఖాతాకు పంపమని కోరే ఉత్తరం అది. నాన్నగారికి బదిలీ అయినా, చదువుకని హాస్టలుకి వచ్చినా, పెళ్ళయి వేరే ఊరు వెళ్ళినా ఈ పని తప్పదు.

ఈ పాఠానికి మా వదిన ఖాతానే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. వదినది నెల్లూరు. డిగ్రీ చదివే రోజుల్లో స్కాలర్‌షిప్పు కోసం అక్కడ ఒక బ్యాంకులో ఖాతా తెరిచింది. తర్వాత ట్యూషన్లు చెప్పి సంపాదించినదీ అందులోనే వేసుకుంది. పెళ్ళయి చెన్నైలో మా ఇంటికి వచ్చాక ఇక్కడ స్కూల్లో ఉద్యోగం వచ్చింది. జీతానికి మరో బ్యాంకులో ఖాతా తెరిచారు. నెల్లూరు ఖాతాలో 18,000 రూపాయలు అలాగే ఉండిపోయాయి. వదిన చివరిసారిగా అందులోంచి డబ్బు తీసి పద్నాలుగు నెలలైంది.

రెండేళ్ళపాటు ఖాతాదారు వైపు నుంచి ఏ లావాదేవీ లేకపోతే బ్యాంకు ఆ ఖాతాను ‘ఇనాపరేటివ్’, అంటే వాడుకలో లేనిది అని పక్కన పెడుతుంది. బ్యాంకు తనంతట తాను వేసే వడ్డీ ఆ లెక్కలోకి రాదు. అలా పక్కన పెట్టినంత మాత్రాన డబ్బు ఎక్కడికీ పోదు, వడ్డీ కూడా పడుతూనే ఉంటుంది. కాకపోతే మళ్ళీ గుర్తింపు కాగితాలన్నీ ఇచ్చి దాన్ని వాడుకలోకి తెచ్చుకున్నాకే మరే పనైనా. పదేళ్ళు దాటితే ఆ డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి వెళ్తుంది. అప్పుడు కూడా అడిగి తెచ్చుకోవచ్చు గాని, తిరుగుడు ఎక్కువ. అందుకే రెండేళ్ళు నిండకముందే ఉత్తరం రాద్దామని కూర్చున్నాం.

ఒక మాట, రెండు పనులు

వదిన మొదట రాసిన చిత్తులో విషయం ఇలా ఉంది: “నా ఖాతాను చెన్నైకి ట్రాన్స్‌ఫర్ చేయుట గురించి.” మాట్లాడేటప్పుడు మనమంతా ఇలాగే అంటాం. మనకు అర్థమవుతుంది కూడా. కానీ బ్యాంకు కౌంటరు వెనకాల కూర్చున్న మనిషికి ఇది వేరే పని.

ఖాతా బదిలీ అంటే, అదే బ్యాంకులో నెల్లూరు బ్రాంచి నుంచి చెన్నై బ్రాంచికి ఖాతాను మార్చడం. ఖాతా బతికే ఉంటుంది. నంబరు కూడా మామూలుగా అదే ఉంటుంది, బ్రాంచి మాత్రం మారుతుంది. గుర్తింపు కాగితాలు ఒక బ్రాంచిలో పూర్తిగా సరిచూసి ఉంటే, వాటిని మళ్ళీ కొత్తగా ఇచ్చే గడువు రాకపోతే, అదే బ్యాంకులోని ఇంకో బ్రాంచికి అవి చెల్లుతాయి. అదే బ్యాంకుతో కొనసాగాలనుకునేవాళ్ళకి ఇది మంచి దారి. వాళ్ళకి మూసివేత ఉత్తరం అసలు అక్కర్లేదు.

నిల్వ బదిలీ అంటే, ఖాతా మూసేసి అందులో ఉన్న డబ్బును ఇంకో ఖాతాకు పంపడం. పాత ఖాతా అక్కడితో ముగిసిపోతుంది. వదినకు కావలసింది ఇది. కొత్త ఖాతా వేరే బ్యాంకులో ఉంది కాబట్టి ‘ఖాతా ట్రాన్స్‌ఫర్’ అనే మాటకే ఇక్కడ చోటు లేదు. ఒక బ్యాంకు ఖాతా ఇంకో బ్యాంకుకు మారదు, డబ్బు మాత్రమే వెళ్తుంది.

ఆ చిత్తునే పంపి ఉంటే రెండింటిలో ఒకటి జరిగేది. మీకేం కావాలో స్పష్టంగా లేదని ఉత్తరం తిరిగి వచ్చేది. లేదంటే ఖాతా ఆ బ్యాంకు చెన్నై బ్రాంచికి మారి, మూయాల్సిన ఖాతా ఇక్కడికొచ్చి కూర్చునేది. అందుకని విషయం వాక్యంలో రెండు క్రియలూ విడివిడిగా పెట్టాం: “సేవింగ్స్ ఖాతా మూసివేత, నిల్వ మొత్తం వేరే బ్యాంకులోని నా ఖాతాకు బదిలీ.” మూసేది ఖాతా, బదిలీ అయ్యేది నిల్వ. ఈ రెండు జతలూ తారుమారు కాకుండా చూసుకుంటే ఉత్తరంలో సగం పని అయినట్టే.

‘ఆపేయండి’ అని కూడా రాయకూడదు. బ్యాంకువాళ్ళకు ఖాతా ఆపడం అంటే లావాదేవీలు జరగకుండా తాత్కాలికంగా బిగించడం. కార్డు పోయినప్పుడు, మోసం జరిగిందని అనుమానం వచ్చినప్పుడు కోరేది అది. మనం కోరేది మూసివేత.

ఉత్తరానికి ముందు చేసే పని

మూసివేత ఉత్తరం చివరి మెట్టు. దానికన్నా ముందు పాసుబుక్కు దగ్గర పెట్టుకుని, వెనక్కి ఒక ఏడాది పద్దులు చూడాలి. ఆ ఖాతాలోకి తనంతట తాను ఏం వస్తోంది, అందులోంచి తనంతట తాను ఏం పోతోంది అని.

వదిన పాసుబుక్కులో అలాంటివి రెండు కనబడ్డాయి. ఒకటి వంటగ్యాసు సబ్సిడీ. పుట్టింట్లో ఉన్నప్పుడు కనెక్షను ఆవిడ పేరు మీదే ఉండేదిట. ఇలాంటి ప్రభుత్వ డబ్బు ఆధార్ నంబరును బట్టి వెళ్తుంది. ఆధార్‌ను ఆఖరున ఏ బ్యాంకుతో ముడిపెట్టామో ఆ బ్యాంకుకే వెళ్తుంది. కొత్త బ్యాంకులో ఖాతా తెరిచినంత మాత్రాన ముడి దానికి మారదు, మార్చమని అక్కడ సమ్మతి ఫారం ఇవ్వాలి. మనకైతే గ్యాసు బదులు స్కాలర్‌షిప్పు. పాత ఖాతా మూసేసి ఈ ముడి మార్చుకోకపోతే మంజూరైన స్కాలర్‌షిప్పు చేరాల్సిన ఖాతా దొరక్క తిరిగి వెళ్ళిపోతుంది. ముడి ఏ బ్యాంకుతో ఉందో ఆధార్ వెబ్‌సైటులో మనమే చూసుకోవచ్చు.

రెండోది ఏటా ఒకసారి కనిపించే 20 రూపాయల ఖర్చు. ఇదేమిటో వదినకు గుర్తు లేదు. అది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రీమియం. ప్రమాదంలో మరణిస్తే ఇంటివాళ్ళకు 2 లక్షల రూపాయలు వచ్చే బీమా. అది ఆ ఖాతాను అంటిపెట్టుకుని ఉంటుంది. ఖాతా మూసిన రోజుతో బీమా కూడా ముగుస్తుంది, ఎవరూ పిలిచి చెప్పరు. కావాలంటే కొత్త బ్యాంకులో మళ్ళీ చేరాలి. ఇరవై రూపాయలే కదా అని వదిలేస్తే వదిలినది ఇరవై కాదు.

ఇంకా ఎవరికైనా ఎల్.ఐ.సి. ప్రీమియమో, ఏదైనా వాయిదానో ఆ ఖాతాలోంచి పోతూ ఉంటే దాన్ని ముందు కొత్త ఖాతాకు మార్చాలి. ఒక నెల వాయిదా కొత్త ఖాతాలోంచి సరిగ్గా పోయిందని చూసుకున్నాకే పాతదాన్ని ముట్టుకోవాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్టు వడ్డీ గాని, లాకరు అద్దె గాని ఆ ఖాతాకు ముడిపడి ఉంటే బ్యాంకు ముందు దాని సంగతి తేల్చమంటుంది.

పేరు, సంతకం

మా వదిన విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆడపిల్లల ఖాతాల్లో ఎక్కువగా వచ్చే చిక్కు కూడా ఇదే.

నెల్లూరు పాసుబుక్కులో ఆవిడ పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. చెన్నైలో ఇంటిపేరు రాసే వాడుక తక్కువ, ఇనీషియలే రాస్తారు. ఇక్కడి ఖాతాలో మా అన్నయ్య పేరులోని మొదటి అక్షరం ఇనీషియల్‌గా పడింది. మనిషి ఒక్కరే, కాగితం మీద మాత్రం ఇద్దరు. నెల్లూరు బ్యాంకు దృష్టిలో ఈ డబ్బు వేరే మనిషికి పోతున్నట్టు ఉంటుంది. ఖాతా మూసినప్పుడు వచ్చే డబ్బును ఖాతాదారు సొంత ఖాతాకే పంపాలని బ్యాంకులు సాధారణంగా పట్టుబడతాయి కాబట్టి అక్కడ ప్రశ్న వస్తుంది.

“ఎందుకమ్మా ఇంత గొడవ, పెద్దాడి ఖాతా నంబరు రాసెయ్, పోయేదానికి” అని ఇంట్లో ఒక మాట వచ్చింది. వదిన ఒప్పుకోలేదు. “అవి నా ట్యూషను డబ్బులు అత్తయ్యా, నా ఖాతాలోకే రానివ్వండి” అంది. బ్యాంకు పద్ధతికి కూడా అదే సరైనది. తన ఖాతా కాకుండా ఇంకొకరి ఖాతా నంబరు రాస్తే మరిన్ని కాగితాలు అడుగుతారు, లేదా కుదరదంటారు.

దీనికి ఉత్తరంలో ఒకే ఒక వాక్యం కావాలి. పాసుబుక్కులో ఉన్న పేరు, ఇప్పటి పేరు రెండూ రాసి, ఇద్దరూ ఒకరేనని, రుజువుగా వివాహ ధ్రువపత్రం నకలు జత చేశానని చెప్పాలి. బ్యాంకు అచ్చు ఫారంలో ఇది రాయడానికి గడి లేదు. ఫారం ఉండగా ఉత్తరం ఎందుకు అని అడిగేవాళ్ళకు జవాబు ఇదే. ఫారం అందరికీ ఉమ్మడిది. మన ఖాతాకు మాత్రమే ఉన్న సంగతి ఉత్తరంలోనే చెప్పగలం.

తర్వాత సంతకం. ఖాతా తెరిచిన రోజున చేసిన నమూనా సంతకం బ్యాంకు దగ్గర ఉంటుంది. ఉత్తరం మీది సంతకాన్ని దానితో పోల్చి చూస్తారు. వదిన ఆ రోజుల్లో తెలుగులో సంతకం చేసేది. స్కూల్లో చేరాక ఇంగ్లీషుకి మారింది. ఈ ఉత్తరం మీద మాత్రం పాత తెలుగు సంతకమే చేయాలి, ఇంటిపేరుతో సహా. తెలుగు సంతకం చెన్నైలో చెల్లుతుందా అని కొందరికి సందేహం. సంతకం ఏ భాషలో ఉన్నా ఫరవాలేదు, నమూనాతో కలవడమే ముఖ్యం. పాత సంతకం ఎలా చేసేదో గుర్తు లేకపోతే ఊహించి రాసి పంపకూడదు. సంతకం కలవలేదని తిప్పి పంపుతారు. అలాంటప్పుడు గుర్తింపు కార్డుతో స్వయంగా వెళ్ళి కొత్త నమూనా ఇచ్చి, ఆ తర్వాతే మూసివేత కోరాలి. ఖాతా ఇద్దరి పేర్ల మీద ఉంటే, డబ్బు తీయడానికి ఒకరి సంతకం చాలినా, మూసివేతకు సాధారణంగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు.

ఎంత పంపమని రాయాలి?

చిత్తులో వదిన “నా ఖాతాలోని రూ. 18,000 పంపగలరు” అని రాసింది. పాసుబుక్కులో ఉన్న అంకె అదే. అయినా అది రాయకూడదు.

సేవింగ్స్ ఖాతాకు వడ్డీ రోజువారీ నిల్వ మీద కడతారు. 2010 ఏప్రిల్ 1 నుంచి ఈ పద్ధతి ఉంది. కానీ కట్టిన వడ్డీని ఖాతాలో వేసేది మూడు నెలలకొకసారి, కొన్ని బ్యాంకుల్లో ఇంకా తరచుగా. వదిన పాసుబుక్కులో జూన్ 30 వరకే వడ్డీ పడింది. ఖాతా ఆగస్టు 30న మూశారనుకుందాం. జూలై 31 రోజులు, ఆగస్టు 30 రోజులు కలిపి 61 రోజుల వడ్డీ ఇంకా రావాలి. ఏడాదికి 2.5 శాతం చొప్పున 18,000కు ఏడాది వడ్డీ 450 రూపాయలు. 61 రోజులకు దానిని 365తో భాగించి 61తో గుణిస్తే సుమారు 75 రూపాయలు.

మనం 18,000 పంపమని రాస్తే ఆ 75 రూపాయలు ఖాతాలో మిగులుతాయి. నిల్వ సున్నా కాని ఖాతా మూతపడదు. పోనీ ఈలోగా ఎస్.ఎం.ఎస్. చార్జీల కింద ఓ 20 రూపాయలు తీసుకుని ఉంటే అప్పుడు 18,000 ఉండనే ఉండవు, పంపడం కుదరదు. రెండు విధాలా అంకె అడ్డం వస్తుంది. అందుకని “మూసివేత తేదీ వరకు గల వడ్డీతో సహా పూర్తి నిల్వ” అని రాయాలి. ఈ మాటలో 75 రూపాయలూ వస్తాయి, తీసేసిన 20 రూపాయలూ లెక్కలోకి వస్తాయి.

మూసివేతకు రుసుము ఉందా అన్నది బ్యాంకును బట్టి ఉంటుంది. తెరిచిన 14 రోజుల్లోపు మూస్తే తీసుకోరు. ఏడాది లోపల మూస్తే చాలా బ్యాంకులు తీసుకుంటాయి, ఏడాది దాటితే చాలాచోట్ల ఉండదు. ఫోన్ చేసి అడిగితే చెబుతారు.

మేము రాసిన ఉత్తరం

నెల్లూరు బ్రాంచి కాబట్టి ఉత్తరం తెలుగులోనే రాశాం. మీ పాత ఖాతా బరంపురంలోనో సేలంలోనో ఉంటే ఇంగ్లీషులోనో అక్కడి భాషలోనో రాయండి, వరుస మాత్రం ఇదే. ఖాతా నంబర్లు, ఐ.ఎఫ్.ఎస్.సి. పాసుబుక్కులో ఉన్నట్టే రాయాలి. పేర్లు, నంబర్లు ఉండే చోట ఇక్కడ చుక్కలు పెట్టాను.

చెన్నై,
తేదీ: ………

బ్రాంచి మేనేజరు గారికి,
……… బ్యాంకు, ……… బ్రాంచి, నెల్లూరు.

విషయం: సేవింగ్స్ ఖాతా నం. ……… మూసివేత, నిల్వ మొత్తం వేరే బ్యాంకులోని నా ఖాతాకు బదిలీ.

అయ్యా / అమ్మా,

మీ బ్రాంచిలో నాకు పై నంబరుతో సేవింగ్స్ ఖాతా ఉంది. నేను నెల్లూరు నుంచి చెన్నైకి వచ్చి స్థిరపడినందున ఈ ఖాతాను కొనసాగించలేను. దీనిని మూసివేయవలసిందిగా కోరుతున్నాను.

మూసివేత తేదీ వరకు గల వడ్డీతో సహా పూర్తి నిల్వను నెఫ్ట్ ద్వారా నా పేరుననే ఉన్న ఈ కింది ఖాతాకు పంపవలసిందిగా మనవి.

ఖాతాదారు పేరు: ………
బ్యాంకు, బ్రాంచి: ………, చెన్నై
ఖాతా నంబరు: ………
ఐ.ఎఫ్.ఎస్.సి.: ………

మీ పాసుబుక్కులో ……… అనే పేరుతోను, పై ఖాతాలో ……… అనే పేరుతోను ఉన్నది నేనే. వివాహానంతరం పేరులో వచ్చిన ఈ మార్పుకు రుజువుగా వివాహ ధ్రువపత్రం నకలు జత చేశాను.

ఈ ఖాతాపై చెల్లించవలసిన అప్పులు గాని, అమలులో ఉన్న వాయిదా చెల్లింపులు గాని లేవు. డెబిట్ కార్డును కత్తిరించి, వాడని ……… నుంచి ……… వరకు గల చెక్కులను రద్దు చేసి జతపరిచాను.

మూసివేత పూర్తయిన తర్వాత పంపిన మొత్తం, తేదీ, యూటీఆర్ నంబరు ఈ కింది ఫోనుకు గాని చిరునామాకు గాని తెలియజేయగలరు.

ఇట్లు,
(నమూనా ప్రకారం సంతకం)
పాసుబుక్కులో ఉన్న పేరు
ప్రస్తుత చిరునామా, ఫోను

జతపరిచినవి: మూసివేత ఫారం, పాసుబుక్కు, కార్డు, చెక్కులు, ఆధార్ నకలు, వివాహ ధ్రువపత్రం నకలు, కొత్త ఖాతా రద్దు చేసిన చెక్కు.

చూశారుగా, ఇందులో “నా యందు దయయుంచి” లేదు, “ఇంతకాలం మీరు అందించిన సేవలకు కృతజ్ఞతలు” కూడా లేదు. ఎందుకు ఊరు మారామో అరవాక్యంలో చెప్పాం. మర్యాద ‘కోరుతున్నాను’, ‘మనవి’ అనే క్రియల్లోనే ఉంది. చదివే గుమస్తాకు మనం ఎవరో తెలియదు. ఆ మనిషికి ఒకదాని తర్వాత ఒకటి వచ్చే ప్రశ్నలు ఏ ఖాతా, ఏం చేయాలి, డబ్బు ఎంత, ఎక్కడికి, ఈ పేరు ఎవరిది, బాకీలున్నాయా, ఎవరికి చెప్పాలి అన్నవి. పేరాలు సరిగ్గా ఆ వరుసలోనే ఉన్నాయి.

రద్దు చేసిన చెక్కు గురించి ఒక మాట. ఇక్కడ కావలసింది కొత్త ఖాతా చెక్కు. దాని మీద రెండు అడ్డగీతలు గీసి మధ్యలో ఇంగ్లీషులో ‘క్యాన్సిల్డ్’ అని రాయాలి, సంతకం చేయకూడదు. నెఫ్ట్‌లో డబ్బు ఖాతా నంబరును బట్టే జమ అవుతుంది. చేతిరాతలో 1 కాస్తా 7 లాగా కనబడితే డబ్బు వేరే వాళ్ళకు చేరవచ్చు. అచ్చులో నంబరు ఉన్న చెక్కు పక్కన ఉంటే గుమస్తా రెండూ పోల్చుకుంటారు. ఐ.ఎఫ్.ఎస్.సి.లో 11 గుర్తులుంటాయి. మొదటి నాలుగు బ్యాంకుకు చెందిన అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా, ‘ఓ’ అక్షరం కాదు. కార్డును చిప్పు మీదుగా కత్తిరించి పంపాలి. పిన్ను, ఓటీపీ ఏ ఉత్తరంలోనూ రాయకూడదు.

ఇచ్చిన తర్వాత

ఖాతా మూసివేతకు కొన్ని బ్యాంకులు సొంత బ్రాంచికే రమ్మంటాయి, కొన్ని ఏ బ్రాంచిలో ఇచ్చినా తీసుకుంటాయి. వదిన ముందు నెల్లూరుకు ఫోన్ చేసి కనుక్కుంది. అదే బ్యాంకు చెన్నై బ్రాంచిలో అసలు ఆధార్ చూపించి ఇస్తే వాళ్ళు సరిచూసి పంపుతామన్నారు. ఇక్కడి కౌంటరులో ఉన్నావిడకు తెలుగు చదవడం రాదు. ఫారం ఇంగ్లీషులో నింపి ఉంది కాబట్టి ఇబ్బంది కాలేదు. పాసుబుక్కు ఇచ్చేయకముందు అన్ని పేజీలకూ నకళ్ళు తీసి పెట్టుకున్నాం. ఆ ఏడాది వడ్డీ లెక్క రేపు ఆదాయపు పన్ను రిటర్నుకు కావాలన్నా, మూసిన ఖాతా పాసుబుక్కు మన చేతిలో ఉండదు.

ఉత్తరం రెండో ప్రతి మీద తేదీతో ముద్ర, సంతకం వేయించుకోవాలి. పోస్టులో పంపితే స్పీడ్‌పోస్టు రసీదు దాచాలి. ఇది ఊరికే జాగ్రత్త కోసం కాదు. బ్యాంకు పని చేయకపోతే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, 30 రోజులు చూసి ఆ తర్వాత రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. ఉత్తరం ఎప్పుడు ఇచ్చామో, ఫిర్యాదు ఎప్పుడు ఇచ్చామో చూపించడానికి మన దగ్గర ఆ ముద్రలు తప్ప ఇంకేం ఉండవు.

ఖాతా మూశామని ఎస్.ఎం.ఎస్. వస్తే పని అయిపోయిందని అనుకోకూడదు. కొత్త ఖాతాలో డబ్బు పడిందా అని చూడాలి. నెఫ్ట్ ఇప్పుడు రోజంతా, సెలవుల్లో కూడా, అరగంటకొక విడతగా నడుస్తుంది. పంపిన డబ్బు మామూలుగా కొన్ని గంటల్లోనే చేరుతుంది. అవతలి ఖాతాలో వేయడం కుదరకపోతే డబ్బు పంపిన బ్యాంకుకు తిరిగి వస్తుంది. ఇక్కడే చిక్కు: తిరిగి వచ్చేసరికి మన పాత ఖాతా ఉండదు. ఆ డబ్బు బ్యాంకు దగ్గరే వేరే పద్దులో ఆగుతుంది. మనం అడిగి, సరైన నంబరు మళ్ళీ ఇచ్చేదాకా కదలదు. అందుకే ఉత్తరంలో యూటీఆర్ నంబరు అడిగాం. అది నెఫ్ట్ చెల్లింపుకు ఉండే గుర్తింపు నంబరు. అది చేతిలో ఉంటే డబ్బు ఎక్కడ ఆగిందో ఏ బ్యాంకులోనైనా కనుక్కోవచ్చు. కింద రాసిన ఫోను నంబరు ఇప్పుడు వాడుతున్నదే అయి ఉండాలి. బ్యాంకు రికార్డులో పాత నంబరు ఉంటే ఎస్.ఎం.ఎస్.లు దానికే పోతుంటాయి.

వదిన ఉత్తరం ఇచ్చిన తొమ్మిదో రోజున ఆవిడ స్కూలు ఖాతాలో 18,075 రూపాయలు జమ అయ్యాయి. ఆధార్ ముడి అంతకు ముందే మారింది. ఇరవై రూపాయల బీమాలో ఆ వారమే మళ్ళీ చేరింది.